న్యూమాటిక్, హైడ్రాలిక్ సర్క్యూట్లు తెలుగులో: ఒక వర్క్‌షాప్ డైరీ

జూన్, మొదటి వారం

మా ప్లాంటు మెయింటెనెన్స్‌లోకి ఏటా వచ్చే అప్రెంటిస్‌లలో ఎక్కువమంది ఐటీఐ ఫిట్టర్లు, కొందరు ఎలక్ట్రీషియన్లు. చేతిపని బాగానే వస్తుంది. మెషిన్ ఆగితే పానా పట్టుకుని ముందుకొస్తారు. సర్క్యూట్ డ్రాయింగ్ ముందు పెడితే మాత్రం వెనక్కి తగ్గుతారు. ఇంగ్లీషు రాకపోవడమే కారణమని పైవాళ్లు అనుకున్నారు. అందుకే మాన్యువల్‌లోని సింబల్స్ పేజీలు, పరికరాల వివరణలు తెలుగులోకి మార్చే పని నాకు అప్పగించారు.

పుస్తకం మొత్తం ఎత్తుకోలేదు. ప్లాంటులో రోజూ తిప్పలు పెట్టే మూడు సర్క్యూట్లు ఎంచుకున్నాను. ప్యాకింగ్ లైన్‌లో డబ్బాను పక్కకు తోసే ఎయిర్ సిలిండర్ ఒకటి, డ్రిల్లింగ్ మెషిన్ మీద జాబ్‌ను, అంటే తొలవాల్సిన ముక్కను, ఆయిల్ ఒత్తిడితో బిగించే హైడ్రాలిక్ క్లాంప్ ఒకటి, ఆయిల్‌ని ప్రెజర్‌తో దాచిపెట్టే అక్యుమ్యులేటర్ ఉన్న పవర్ ప్యాక్, అంటే ఆయిల్ పంపు, ట్యాంకు ఉన్న యూనిట్, ఒకటి. ఈ మూడింట్లో కనిపించే సింబల్స్ అర్థమైతే మిగతా వాటిలో సగం పని అయినట్టే.

ముందే తేల్చుకున్న సంగతి: బొమ్మల జోలికి పోకూడదు. ఐఎస్‌ఓ 1219 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గీసిన డ్రాయింగ్ ఏ దేశం మెషిన్‌తో వచ్చినా ఒకేలా ఉంటుంది. వాల్వ్ బాడీ మీద పోత పోసిన పోర్ట్ నంబర్లనూ, అంటే పైపు తగిలించే రంధ్రాల నంబర్లనూ, మార్చకూడదు. కాబట్టి నేను రాయాల్సింది బొమ్మను చదివే పద్ధతి. ఈ గీత ఏం చెబుతోంది, సింబల్‌లోని ఈ చదరపు డబ్బా ఎప్పుడు పనిలోకి వస్తుంది, గాలి ఎటు నుంచి ఎటు పోతోంది, అంతే.

పేర్ల దగ్గర పెద్దగా ఆలోచించలేదు. స్టోర్స్‌లో ఇండెంట్ మీద ఏం రాస్తే సరుకు ఇస్తారో అదే పేరు. వాల్వ్, సిలిండర్, పిస్టన్, సీల్, కాయిల్, హోస్, పవర్ ప్యాక్. కవాటం, ముషలకం అని రాస్తే పరీక్ష పేపర్‌లా ఉంటుంది గానీ స్టోర్ కీపర్‌కి అర్థం కాదు. కదలికను చెప్పే చోట మాత్రం తెలుగే తేలిక. ఫార్వర్డ్, రివర్స్ అన్న మాటలు తీసేసి ‘రాడ్ బయటికి’, ‘రాడ్ లోపలికి’ అని పెట్టాను. మా ప్యాకింగ్ లైన్‌లో రెండు సిలిండర్లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదానికి ఫార్వర్డ్ అయింది పక్కదానికి వెనక్కి పోవడంలా కనిపిస్తుంది. రాడ్ బయటికి అంటే ఏ సిలిండర్‌కైనా బయటికే.

మొదటి పేజీలో ఒకే ఒక్క విషయం పెట్టాను. త్రిభుజం నిండుగా నల్లగా ఉంటే ఆయిల్, లోపల ఖాళీగా ఉంటే గాలి. గుండ్రం లోపల త్రిభుజం మొన బయటికి చూస్తుంటే పంపు లేదా కంప్రెసర్, లోపలికి చూస్తుంటే మోటారు. పంపు ఆయిల్‌ని బయటికి తోస్తుంది, మోటారు లోపలికి తీసుకుని తిరుగుతుంది. పిల్లలు దీన్ని చూసిన క్షణంలోనే పట్టేశారు.

జూన్, మూడో వారం: డబ్బాలు

డైరెక్షన్ కంట్రోల్ వాల్వ్ దగ్గర అసలు పని మొదలైంది. ప్యాకింగ్ లైన్‌లో ఉన్నది 5/2 వాల్వ్, ఒక పక్క సోలినాయిడ్, ఇంకో పక్క స్ప్రింగ్. చాలామంది దీన్ని భిన్నంలా చదివి అక్కడే ఆగిపోతారు. మొదటి అంకె పోర్టుల సంఖ్య, రెండోది స్పూల్, అంటే వాల్వ్ లోపల అటూ ఇటూ జరిగే కడ్డీ, నిలబడగల స్థానాల సంఖ్య. బొమ్మలో పక్కపక్కన రెండు డబ్బాలు ఉంటాయి, ఒక్కో డబ్బా ఒక్కో స్థానం. డబ్బా లోపలి బాణాలు గాలి పోయే దారులు. అడ్డంగా చిన్న గీత పెట్టి ‘టి’ ఆకారంలో ఆపేస్తే ఆ దారి మూసుకున్నట్టు.

ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఇబ్బంది దీని తర్వాత వస్తుంది. పోర్ట్ నంబర్లు ఒక్క డబ్బాకే రాసి ఉంటాయి. రెండో డబ్బా ఏ పైపుకూ అంటుకోకుండా గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. “సార్, ఆ పక్క డబ్బాకి పైపులు లేవు కదా, దానికి గాలి ఎట్ల పోతది?” అని ఒక కుర్రాడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే.

దానికి ఇలా రాశాను. పైపులు రైల్వే ప్లాట్‌ఫారం లాంటివి, అవి కదలవు. డబ్బాలు రైలు పెట్టెల్లాంటివి, జరిగేవి అవే. స్ప్రింగ్ పక్కన ఏ డబ్బా ఉందో అది మామూలుగా పైపుల ముందు ఆగి ఉంటుంది. సోలినాయిడ్‌కి కరెంటు ఇస్తే అది తన పక్కనున్న డబ్బాను తోసి పైపుల ముందుకి తెస్తుంది. కరెంటు తీస్తే స్ప్రింగ్ తన డబ్బాను తిరిగి తెచ్చుకుంటుంది. ఎవరి పక్కన ఏ డబ్బా ఉందో, వాళ్లు పని చేసినప్పుడు ఆ డబ్బా వస్తుంది. ఈ ఒక్క వాక్యం పేజీ పైన పెద్ద అక్షరాల్లో పెట్టాను. తర్వాత వచ్చే లివర్, పెడల్, రోలర్, పైలట్, అన్నింటికీ ఇదే సూత్రం.

మా వాల్వ్ బొమ్మలో సోలినాయిడ్ ఎడమ పక్క, స్ప్రింగ్ కుడి పక్క. కింద ఎడమ నుంచి 5, 1, 3 పోర్టులు. పైన 4, 2. వీటిలో 1 గాలి వచ్చే దారి, 2, 4 సిలిండర్‌కి పోయే దారులు, 3, 5 గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్‌లు. వివరణ తెలుగులో ఇలా తేలింది:

“మామూలుగా: 1 నుంచి 2కి గాలి పోతుంది. 4 నుంచి 5కి గాలి బయటికి పోతుంది. రాడ్ లోపల ఉంటుంది. కాయిల్‌కి కరెంటు ఇచ్చినప్పుడు: 1 నుంచి 4కి గాలి పోతుంది. 2 నుంచి 3కి గాలి బయటికి పోతుంది. రాడ్ బయటికి వస్తుంది.”

వాక్యం ఎప్పుడూ గాలి బయలుదేరిన చోట మొదలై చేరిన చోట ముగియాలన్నది ఈ పనంతటికీ పెట్టుకున్న నియమం. ఇంగ్లీషు మాన్యువల్‌లో చాలాచోట్ల చేరే పోర్ట్ పేరు ముందుకొచ్చి, మూలం వెనక వస్తుంది. అదే వరసలో రాస్తే డ్రాయింగ్ మీద వేలు వెనక్కి జరపాల్సి వస్తుంది. వేలు ఎటు జరుగుతుందో మాట కూడా అటే నడవాలి.

స్పూల్‌ని జరిపే సిగ్నల్ గాలి వచ్చే పైలట్ పోర్టుల నంబర్లలో చిన్న చిక్కు ఉంది. 12, 14 అని రాసి ఉంటుంది. పిల్లలు పన్నెండు, పద్నాలుగు అని చదివి, “మిగతా పోర్టులు ఎక్కడ?” అని వెతుకుతారు. అవి పెద్ద సంఖ్యలు కావు. 14 దగ్గర సిగ్నల్ ఇస్తే 1కి 4కి దారి కలుస్తుంది, 12 దగ్గర ఇస్తే 1కి 2కి కలుస్తుంది. అందుకని మా పుస్తకంలో వాటిని ‘ఒకటి-నాలుగు’, ‘ఒకటి-రెండు’ అని పలకమని రాశాను. అలా పలికితే వాల్వ్ ఏం చేస్తుందో పేరులోనే వినిపిస్తుంది.

జూన్ చివర: పేజీ తీసుకుని మెషిన్ దగ్గరికి

వివరణ సరిగ్గా ఉందా లేదా అనేది క్లాసులో తేలదు. ప్యాకింగ్ లైన్‌లో తోసే సిలిండర్ వాల్వ్ దగ్గర సన్నగా సుయ్‌మని శబ్దం వస్తోందని ఆపరేటర్ చెప్పాడు. రాడ్ లోపల ఉన్నప్పుడు కూడా గాలి కారుతోంది. ఇద్దరు అప్రెంటిస్‌లను ఆ పేజీ పట్టుకుని రమ్మన్నాను.

చెయ్యి పెట్టి చూస్తే గాలి 5 నంబర్ ఎగ్జాస్ట్ నుంచి వస్తోంది. పేజీలో చదివించాను. మామూలుగా 4 నుంచి 5కి దారి ఉంది, 4 సిలిండర్ వెనక గదికి పోతుంది. వెనక గదిలో గాలి ఉండకూడదు, ఎందుకంటే 1 నుంచి గాలి 2 మీదుగా రాడ్ ఉన్న ముందు గదికి పోతోంది. అంటే ముందు గదిలోని గాలి ఏదో దారిన వెనక గదికి దాటుతోంది, లేదా వాల్వ్ లోపలే 1 నుంచి 4 వైపు కారుతోంది. మొదటిదైతే పిస్టన్ సీల్ పోయింది, రెండోదైతే స్పూల్ సీల్ పోయింది. రెండింటికీ లక్షణం ఒకటే.

విడదీయడం తేలిక. మెయిన్ ఎయిర్ మూసి, లైన్‌లో ఉన్న గాలి వదిలేసి, 4 నంబర్ దగ్గర ట్యూబ్ పీకాం. మళ్లీ గాలి ఇచ్చాం. పీకిన ట్యూబ్ చివర నుంచి గాలి వస్తే సిలిండర్ తప్పు, వాల్వ్ 4 పోర్ట్ నుంచో 5 నుంచో వస్తే వాల్వ్ తప్పు. ట్యూబ్ నుంచే వచ్చింది. సీల్ కిట్ మార్చారు. అంతకుముందు ఇలాంటిది వస్తే వాల్వ్, సిలిండర్ రెండూ మార్చేసేవాళ్లు.

ఈ సంఘటన తర్వాత ప్రతి పరికరం వివరణకి నాలుగో భాగం చేర్చాను. మొదట ‘ఏం చేస్తుంది’, ‘మామూలుగా’, ‘పనిచేసినప్పుడు’ అని మూడే ఉండేవి. ఇప్పుడు ‘పాడైతే ఏం కనిపిస్తుంది’ కూడా ఉంది. ఇంగ్లీషు మాన్యువల్‌లో ఇది వెనక ఎక్కడో ట్రబుల్ షూటింగ్ పట్టికలో ఉంటుంది. బొమ్మ పక్కనే ఉంటే బొమ్మ చూడాల్సిన అవసరం తెలుస్తుంది.

జులై, మొదటి వారం: మూసి ఉందంటే?

ఎలక్ట్రీషియన్ ట్రేడ్ వాళ్లతో కూర్చున్నప్పుడు గొడవంతా ‘నార్మల్లీ క్లోజ్డ్’ దగ్గరే. కరెంటు మనిషికి క్లోజ్డ్ అంటే కాంటాక్ట్ కలిసి ఉంది, కరెంటు పోతుంది. గాలి మనిషికి క్లోజ్డ్ అంటే వాల్వ్ మూసి ఉంది, గాలి పోదు. మాట ఒకటే, అర్థం సరిగ్గా తిరగబడింది. మా డ్రాయింగుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి: సిలిండర్ చివర లిమిట్ స్విచ్ కాంటాక్ట్ ఒకటి, ఆ పక్కనే 3/2 వాల్వ్ ఒకటి.

తెలుగులో ‘మామూలుగా మూసి ఉండేది’ అని రెండింటికీ రాస్తే ఆ చిక్కును అలాగే తెచ్చి నెత్తిన పెట్టినట్టే. అందుకే మూత, తెరుపు అన్న మాటలు రెండు చోట్లా తీసేశాను. వాల్వ్‌కి ‘మామూలుగా గాలి ఆపేది’, ‘మామూలుగా గాలి పంపేది’. కాంటాక్ట్‌కి ‘మామూలుగా కరెంటు ఆపేది’, ‘మామూలుగా కరెంటు పంపేది’. పొడుగ్గా ఉన్నాయి, నిజమే. పట్టికలో పక్కనే నార్మల్లీ క్లోజ్డ్‌కి ఎన్‌సి, నార్మల్లీ ఓపెన్‌కి ఎన్‌ఓ అన్న పొట్టి పేర్లు కూడా ఉంచాను, ఎందుకంటే ప్యాకెట్ మీద అవే ఉంటాయి. వాల్వ్ ఎన్‌సి అయితే గాలి ఆపేది, కాంటాక్ట్ ఎన్‌సి అయితే కరెంటు పంపేది అని ఎదురెదురుగా చూపిస్తే, “ఓ, అందుకేనా మొన్న రివర్స్‌లో పనిచేసింది” అని ఒకతను తనలో తనే అనుకున్నాడు. ఏది రివర్స్‌లో పనిచేసిందో నేను అడగలేదు, చెప్పించి ఇబ్బంది పెట్టడం ఎందుకని.

జులై, రెండో వారం: బంతి, వి ఆకారం

గాలిని ఒకే దిక్కుకు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ సింబల్ మా వాళ్లందరికీ సులువనిపిస్తుంది, కానీ అందరూ తిరగేసి చదువుతారు. చిన్న గుండ్రం, దానికి ఆనుకుని పక్కకు వాలిన ‘వి’ ఆకారం. ఆ ‘వి’ని బాణం మొన అనుకుంటారు. బాణం ఎటు చూపిస్తే గాలి అటే పోతుందనుకుంటారు. కరెంటు వాళ్లైతే డయోడ్ గుర్తుతో పోల్చుకుని ఇంకా గట్టిగా నమ్ముతారు.

నిజానికి అది బాణం కాదు, బంతి కూర్చునే సీటు. గాలి మొన వైపు నుంచి వస్తే బంతిని సీటు నుంచి లేపుతుంది, దారి తెరుచుకుంటుంది. బంతి వైపు నుంచి వస్తే బంతిని సీటులోకి నొక్కేస్తుంది, దారి మూసుకుంటుంది. కాబట్టి ఆ ‘బాణం’ చూపే దిక్కుకు ఎదురుగానే గాలి స్వేచ్ఛగా పోతుంది. వివరణలో ‘సీటు మొన’, ‘బంతి’ అని మాత్రమే రాశాను, బాణం అన్న మాట దగ్గరికి రానివ్వలేదు. పక్కన నిజమైన వాల్వ్ కోత బొమ్మ ఒకటి వేశాను, సీటు, బంతి, స్ప్రింగ్ కనిపించేలా.

ఇది ఎక్కడ కొంప ముంచుతుందంటే సిలిండర్ స్పీడు తగ్గించే చోట. మా తోసే సిలిండర్ రెండు పోర్టుల దగ్గరా చిన్న స్పీడ్ కంట్రోలర్లు ఉన్నాయి. సింబల్‌లో ఒక గొలుసు గీత చట్రం, దాని లోపల రెండు దారులు: ఒకటి సన్నం చేసే దారి, దాని మీద ఏటవాలు బాణం ఉంటే స్క్రూతో సరిచేయొచ్చని అర్థం. రెండో దారిలో నాన్ రిటర్న్. మా సర్క్యూట్‌లో సీటు మొన వాల్వ్ వైపు, బంతి సిలిండర్ వైపు ఉన్నాయి. కాబట్టి సిలిండర్‌లోకి పోయే గాలి ఏ అడ్డూ లేకుండా పోతుంది. సిలిండర్ నుంచి బయటికొచ్చే గాలికి బంతి అడ్డం పడి, సన్నని దారి గుండానే రావాలి. పిస్టన్‌కి రెండు పక్కలా గాలి నొక్కి ఉండటంతో రాడ్ నింపాదిగా, ఒకే వేగంతో వస్తుంది. దీన్ని మీటర్ అవుట్ అంటారు, మేం ‘బయటికొచ్చే గాలిని ఆపి స్పీడు తగ్గించడం’ అని రాశాం.

కంట్రోలర్‌ని తిప్పి బిగిస్తే లోపలికి పోయే గాలి తగ్గుతుంది, బయటికి పోయేది ఫ్రీగా పోతుంది. గాలి సాగే గుణం ఉన్నది కనుక, రాడ్ కాస్త ఆగి, ప్రెజర్ పెరిగాక ఒక్క గెంతు గెంతి, మళ్లీ ఆగుతుంది. డబ్బా కుదుపులతో కదులుతుంటే మొదట చూడాల్సింది కంట్రోలర్ బాడీ మీద బాణం. లూబ్రికేటర్‌లో ఆయిల్ పోస్తూ కూర్చుంటే లాభం లేదు.

ఈ పేజీలో ఒక హెచ్చరిక కూడా పెట్టాను. రాత్రి ఎయిర్ మూసేసి, సిలిండర్ ఖాళీ అయ్యాక, పొద్దున్నే కాయిల్‌కి కరెంటు ఉండగానే మొదటిసారి ఎయిర్ ఆన్ చేస్తే రాడ్ విసురుగా బయటికొస్తుంది. ఎందుకంటే అడ్డుకోవడానికి ముందు గదిలో గాలే లేదు, స్పీడ్ కంట్రోలర్‌కి ఆపడానికి ఏమీ మిగల్లేదు. రెండో స్ట్రోక్ నుంచి మామూలే. 50 మిల్లీమీటర్ల బోర్ సిలిండర్ 6 బార్ దగ్గర దాదాపు 120 కిలోల బలంతో తోస్తుంది. మొదటి స్ట్రోక్ అయ్యేదాకా చేతులు దూరం. సీనియర్ మెకానిక్ ఒకాయన చదివి, “ఇది మాకెవరూ చెప్పలేదు సార్, దెబ్బ తిని నేర్చుకున్నాం” అన్నాడు.

జులై చివర: ఆయిల్ వైపు

హైడ్రాలిక్ క్లాంప్‌కి వచ్చేసరికి డబ్బాలు చదవడం వాళ్లకు అలవాటైంది. పోర్టులకు ఇక్కడ అంకెల బదులు అక్షరాలు: పి ప్రెజర్ వచ్చే దారి, టి ట్యాంకుకి తిరిగి పోయే దారి, ఎ, బి సిలిండర్‌కి. గాలిలా ఆయిల్‌ని బయటికి వదిలేయలేం, ట్యాంకుకి పోవాల్సిందే. అంతకుమించి కొత్తేమీ లేదు కనుక ఈ పేజీ త్వరగా అయిపోయింది.

కష్టం ప్రెజర్ వాల్వ్‌ల దగ్గర. రిలీఫ్ వాల్వ్, రెడ్యూసింగ్ వాల్వ్ సింబల్స్ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. రెండూ ఒకే డబ్బా, ఒక బాణం, ఒక స్ప్రింగ్, ఒక డాటెడ్ లైను. తేడా రెండు చోట్ల. రిలీఫ్‌లో బాణం పైపు గీతకు పక్కకి జరిగి ఉంటుంది, అంటే మామూలుగా ఆయిల్‌ని ఆపేది. రెడ్యూసింగ్‌లో బాణం పైపు గీతతో కలిసి ఉంటుంది, అంటే మామూలుగా ఆయిల్‌ని పంపేది. రెండో తేడా డాటెడ్ లైను ఎక్కడ మొదలవుతుందన్నది. రిలీఫ్‌లో వాల్వ్‌కి ముందు వైపు నుంచి, రెడ్యూసింగ్‌లో వాల్వ్ దాటాక వచ్చే వైపు నుంచి.

దీన్ని తెలుగులో ఇలా పెట్టాను: డాటెడ్ లైను ఎక్కడ మొదలైతే, వాల్వ్ ఆ చోటి ప్రెజర్‌నే కనిపెట్టి చూస్తుంది. రిలీఫ్ తన ముందున్న ప్రెజర్‌ని చూసి, అది ఎక్కువైతే తెరుచుకుని ఆయిల్‌ని ట్యాంకుకి వదులుతుంది. రెడ్యూసింగ్ తన తర్వాత ఉన్న ప్రెజర్‌ని చూసి, అది చాలినంత అయితే దారి మూస్తుంది. ఒకటి పంపుని కాపాడుతుంది, ఇంకొకటి జాబ్‌ని కాపాడుతుంది.

మా క్లాంప్‌తోనే లెక్క వేయించాను. పంపు లైన్‌లో రిలీఫ్ 100 బార్‌కి సెట్ చేసి ఉంది. క్లాంప్ సిలిండర్ బోర్ 50 మిల్లీమీటర్లు, వైశాల్యం దాదాపు 1963 చదరపు మిల్లీమీటర్లు. 100 బార్ అంటే చదరపు మిల్లీమీటరుకి 10 న్యూటన్లు, కాబట్టి క్లాంప్ మీద దాదాపు 19,600 న్యూటన్లు పడతాయి, మోటుగా చెప్పాలంటే రెండు టన్నులు. పలచని గోడ ఉన్న జాబ్ అంత బిగింపు తట్టుకోదు. అందుకే క్లాంప్‌కి పోయే కొమ్మలో రెడ్యూసింగ్ వాల్వ్ పెట్టి 40 బార్‌కి తగ్గించారు. అప్పుడు బిగింపు దాదాపు 7,850 న్యూటన్లు, అంటే 800 కిలోలు.

రెడ్యూసింగ్ వాల్వ్‌కి ఇంకో డాటెడ్ లైను కూడా ఉంటుంది, స్ప్రింగ్ గది నుంచి నేరుగా ట్యాంకుకి. అది డ్రెయిన్. బొమ్మలో ప్రెజర్‌ని చూసే లైనూ, డ్రెయినూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వివరణలో విడిగా చెప్పాల్సి వచ్చింది: “వాల్వ్‌లోకి సమాచారం తెచ్చేది ఒకటి, వాల్వ్ లోపల కారిన ఆయిల్‌ని తీసుకుపోయేది ఇంకొకటి. డాటెడ్ లైను చివర ట్యాంకు గుర్తు ఉంటే అది డ్రెయిన్.” ‘పాడైతే ఏం కనిపిస్తుంది’ కింద రాసింది ఇక్కడే అక్కరకొస్తుంది. డ్రెయిన్ మూసుకుపోతే స్ప్రింగ్ గదిలో ఆయిల్ నిండి స్ప్రింగ్‌కి తోడవుతుంది. వాల్వ్ మూసుకోవడం ఆలస్యమై, క్లాంప్ ప్రెజర్ 40 దగ్గర ఆగకుండా పైకి పాకుతుంది. స్క్రూ ఎంత వదులు చేసినా దిగదు. జాబ్ మీద క్లాంప్ అచ్చు పడుతుంటే, గేజ్ సెట్టింగ్ కంటే పైన ఉంటే, స్క్రూని వదిలేసి డ్రెయిన్ లైన్ చూడమని రాశాను. డ్రెయిన్ గొట్టాన్ని టి లైన్‌తో కలిపేసి ఉన్నా ఇదే తంతు, ఎందుకంటే టి లైన్‌లో వెనక ఒత్తిడి ఎంత ఉంటే అంతా స్ప్రింగ్ మీద చేరుతుంది.

ఆగస్టు, మొదటి వారం: అక్యుమ్యులేటర్

ఈ పేజీకి మిగతా పేజీలకంటే ఎక్కువ సమయం పట్టింది, బొమ్మ మాత్రం అన్నిటికంటే చిన్నది. నిలువుగా పెట్టిన మాత్ర ఆకారం, మధ్యలో అడ్డగీత, పైభాగంలో ఖాళీ త్రిభుజం. ఆయిల్ సర్క్యూట్‌లో ఖాళీ త్రిభుజం ఎందుకని అడిగించాను. మొదటి పేజీ గుర్తున్నవాళ్లు చెప్పారు, లోపల గ్యాస్ ఉందని. ఆ గ్యాస్ నైట్రోజనే అయ్యుండాలి. ఆక్సిజన్ గానీ, మామూలు గాలి గానీ నింపితే ఆయిల్‌తో కలిసి పేలిపోయే ప్రమాదం ఉంది. ఈ మాట విడిగా ఎర్ర చట్రంలో పెట్టాం.

పంపు ఆగినా ప్రెజర్ పోదన్నది దీని అసలు సంగతి. గ్యాస్ నొక్కుడు ఆయిల్‌ని తోస్తూనే ఉంటుంది. మోటారు శబ్దం ఆగింది కదా అని ఫిట్టింగ్ విప్పితే ఆయిల్ సూదిలా చిమ్ముతుంది, చర్మంలోకి దిగుతుంది. చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గాయం అది.

హెచ్చరిక వాక్యాల దగ్గర తెలుగుతోనే ఒక ఇబ్బంది ఉంది. ‘విప్పండి’, ‘విప్పకండి’ మధ్య తేడా ఒక్క అక్షరం, అదీ వాక్యం చివర. ఆయిల్ మరక పడిన పేజీలో ఆ ‘క’ కనపడకపోతే వాక్యం తిరగబడుతుంది. అందుకని ప్రమాదం ఉన్నచోట ‘కండి’తో ముగిసే మాట ఒక్కటీ పెట్టలేదు. వాక్యాన్ని కోసి, కాదన్నది ముందే చెప్పి, ‘కూడదు’ అని ముగించాను:

“వద్దు. పంపు ఆగగానే ఫిట్టింగ్ విప్పకూడదు. ముందు పంపు ఆపి, స్విచ్‌కి తాళం వేసి, ట్యాగ్ కట్టండి. తర్వాత అక్యుమ్యులేటర్ పక్కనున్న డ్రెయిన్ వాల్వ్ తెరిచి ఆయిల్‌ని ట్యాంకుకి వదలండి. గేజ్ ముల్లు సున్నాకి వచ్చిందని కళ్లతో చూడండి. అప్పుడు విప్పండి.”

డ్రాయింగ్‌లో ఆ డ్రెయిన్ వాల్వ్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే మొదట సగంమంది రిలీఫ్ వాల్వ్‌ని చూపించారు. అందుకే ఈ పేజీలో మాత్రం సింబల్ పక్కన మా పవర్ ప్యాక్ ఫోటో కూడా అతికించాం. ఫోటోలోని వాల్వ్ హ్యాండిల్ నుంచి సింబల్‌కి ఒక గీత లాగాం. మిగతా పేజీల్లో ఫోటోలు పెట్టలేదు, ఫోటో ఉంటే బొమ్మ చదవడం మానేస్తారు.

ఆగస్టు, మూడో వారం: అచ్చు పని

డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా వాడే సన్న గీతల ఫాంట్లలో తెలుగు రాదు, ప్రశ్నార్థకాలు వస్తాయి. కంప్యూటర్‌లో ఉండే యూనికోడ్ ఫాంట్ ఎంచుకున్నా కొన్ని చోట్ల ఒత్తులు విడిపోయి పక్కకొచ్చాయి. చివరికి సర్క్యూట్ గీతల్ని మాత్రం ఎగుమతి చేసి, తెలుగు మాటలన్నీ ఇంక్‌స్కేప్‌లో వేశాం. ఒత్తులు కింది వరసకి తగలకుండా వరసల మధ్య ఎడం పెంచాల్సి వచ్చింది. దాంతో ఇంగ్లీషు లేబుల్ పట్టిన చోట తెలుగు పట్టలేదు. అప్పుడు డ్రాయింగ్ మీద నంబర్ మాత్రమే ఉంచి, వివరణను పక్క పేజీలో పెట్టాం. కుడి పక్క బొమ్మ, ఎడమ పక్క మాటలు, పుస్తకం విప్పితే రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ప్రతి పేజీ అడుగున మూల డ్రాయింగ్ రివిజన్ నంబర్ ఉంది. మెషిన్‌లో పైపు మార్చి, ఇంగ్లీషు డ్రాయింగ్ దిద్ది, తెలుగు పేజీని మరిచిపోతే దానికంటే ప్రమాదం లేదు. అందుకని రెండు రివిజన్ నంబర్లూ కలవని పేజీని గోడ మీద నుంచి తీసేయాలని సూపర్‌వైజర్‌తో ఒప్పందం చేసుకున్నాను.

ఇక మిగిలింది 4/3 వాల్వ్‌లలోని నడిమి డబ్బా పేజీ. మధ్యలో పి నుంచి టికి దారి ఉంటే పంపు తేలిగ్గా తిరుగుతుంది, అన్నీ మూసి ఉంటే పంపు ఆయిల్ రిలీఫ్ మీదుగా పోయి ట్యాంకు వేడెక్కుతుంది. మా రెండు పవర్ ప్యాకుల్లో చెరో రకం ఉంది. ట్యాంకు థర్మామీటర్ రీడింగులు రెండిటివీ షిఫ్టువారీగా రాయమని పిల్లలకి చెప్పాను. అవి వచ్చాక ఆ పేజీ రాయాలి.